ఎండాకాలానికి ఇంటి నీళ్ల నినాదాలు: మన వీధి గోడలకు, గేట్లకు, మైకుకు

వీధి మొదట్లో, పెద్ద అక్షరాలతో

కళ్యాణి డ్యాం నీళ్లు, తెలుగుగంగ నీళ్లు మన సంపు దాకా వచ్చాయి. ఇక్కణ్నుంచి మన చేతి చలవ!

తిరుపతి వైపు పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్య పడేవే. అప్పుడు నిండినదాంతోనే జూన్ దాకా నెట్టుకురావాలి. ఏప్రిల్‌లో బోర్లు దిగిపోతాయి, ట్యాంకర్ల కోసం ఫోన్లు మొదలవుతాయి. బిందెలు మోసి సంసారం ఈదిన ఇళ్లకు నీటి విలువ ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే ఈ నినాదాల్లో హితబోధలు లేవు. ఏ మూల నీళ్లు కారిపోతున్నాయో, ఎలా ఆపుకోవచ్చో మాత్రమే ఉంది.

మోటారు స్విచ్చి పక్కన అతికించడానికి

మోటారు వేసిన చేత్తోనే అలారం పెట్టేద్దాం. మిద్దె మీది నీళ్లు మిద్దె మీదే ఉంటాయి!

ఇంట్లో ఒక్కసారిగా చాలా నీళ్లు పోయేది ఇక్కడ. నిమిషానికి 30 లీటర్లు ఎత్తే మోటారును మరిచిపోతే, ట్యాంకు నిండాక పది నిమిషాల్లో 300 లీటర్లు గొట్టంలోంచి కిందికి పోతాయి. ఖాళీ ట్యాంకు నిండడానికి ఎంతసేపు పడుతుందో ఒక్కసారి చూసుకోండి. 25 నిమిషాలైతే ఫోన్లో 20 నిమిషాలకు అలారం పెట్టండి. బోరు దిగేకొద్దీ నిండే సమయం పెరుగుతుంది కాబట్టి మే నెలలో మళ్లీ ఒకసారి చూడాలి. ఫ్లోటు వాల్వు ఉన్న సంపులకు ఇంకో చిక్కుంది. మన బోరు నీళ్ల ఉప్పు పేరుకుని బంతి కమ్మీ బిగుసుకుపోతుంది, నీళ్లు నిండినా వాల్వు మూసుకోదు. నెలకోసారి కమ్మీని పైకీ కిందికీ ఆడించి, తెల్లటి పొర ఉన్నచోట వెనిగరు గుడ్డతో తుడిస్తే చాలు.

కొళాయిల దగ్గర

కారే కొళాయి కింద గ్లాసు పెట్టండి. లెక్క గ్లాసే చెబుతుంది!

పావు లీటరు గ్లాసు పది నిమిషాల్లో నిండితే రోజుకు 36 లీటర్లు, అంటే రెండు బిందెలకు పైనే. తిప్పే కొళాయి అయితే చాలాసార్లు లోపలి రబ్బరు వాషరు గట్టిపడి ఉంటుంది. ముందు గేటు వాల్వు కట్టేయాలి, కొళాయి తిప్పి పైపులో మిగిలిన నీళ్లు బకెట్లోకి వదిలేయాలి. పైభాగం స్పానరుతో విప్పి, పాత వాషరు తీసి అదే సైజుది పెట్టాలి. కారుతోందని బలంగా బిగించడం మాత్రం పనికిరాదు. గట్టిపడిన వాషరు ఇంకా నలుగుతుంది, దాని కింది గద్దె కూడా గీరుకుపోతుంది. ఆ తర్వాత కొత్త వాషరు వేసినా చుక్క ఆగదు. పావు తిప్పుకే తెరుచుకునే కొళాయిలో వాషరు ఉండదు, లోపలి కాట్రిడ్జి మొత్తం మార్చాలి. దానికి పాతది చూపించి కొనుక్కోవడం మేలు.

మొహం కడిగేచోట చెంబు, గలగల లేకపోయినా పని నిండు!

బాత్రూం తలుపుకు

ఫ్లష్ ట్యాంకులో నాలుగు నీలం చుక్కలు. అరగంటలో అసలు సంగతి!

బట్టలకు పెట్టే నీలమే చాలు. చుక్కలు వేశాక అరగంట ఫ్లష్ నొక్కకుండా ఆగండి. కమోడులో నీలం కనిపిస్తే అడుగున రబ్బరు మూత సరిగ్గా కూర్చోవడం లేదన్నమాట. ఈ లీకుకు చప్పుడుండదు, అందుకే నెలల తరబడి ఎవరి కంటా పడదు. మూత అంచున ఉప్పు పేరుకుంటే తుడవండి, రబ్బరు వంకరపోతే మార్చండి. పాత పెద్ద ట్యాంకైతే నీళ్లు నింపి మూత బిగించిన లీటరు సీసాను ఒక మూల నిలబెట్టండి. ఫ్లష్ నొక్కిన ప్రతిసారీ దాదాపు లీటరు మిగులుతుంది. సీసా ఫ్లోటుకు తగలకూడదు. ఇటుక వద్దు, నాని రాలిన పొడి రబ్బరు మూత కింద ఇరుక్కుంటుంది.

బకెట్టు నీళ్లు, చేతిలో చెంబు. ఎండలో వచ్చిన ఒళ్లు ఇట్టే చల్లబడు!

షవరు నిమిషానికి 10 లీటర్లు వదిలితే ఐదు నిమిషాలకు 50. నీళ్లు పోసుకోవడానికి ఒక బకెట్టు 18 లీటర్లు. ముసలివాళ్లకు, పసిపిల్లలకు, జ్వరమొచ్చినవాళ్లకు ఈ లెక్కలేవీ వద్దు. తాగే నీళ్లకు, చేతులు కడుక్కునే నీళ్లకు ఎవరికీ వద్దు.

వంటింటికి

బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు కానుక!

ఫిల్టరు వదిలేసిన నీళ్లకూ ఇంట్లో పనుంది!

ఆర్వో ఫిల్టరు ఒక లీటరు మంచినీళ్లిస్తే, అంతకన్నా ఎక్కువే పక్క గొట్టంలోంచి వదిలేస్తుంది. ఆ గొట్టాన్ని సింకులోకి కాక బకెట్లోకి పెట్టండి. ఇల్లు తుడవడానికి, అంట్లు మొదటిసారి తడపడానికి, కమోడులో పోయడానికి బాగా పనికొస్తాయి. కుండీ మొక్కలకు మాత్రం రోజూ పోయొద్దు, ఉప్పు మట్టిలో చేరి ఆకు అంచులు మాడతాయి. ఏసీ నీళ్లు కూడా తుడుపుకే. అవి కాయిల్ మీది దుమ్ముతో వస్తాయి, ఇన్వర్టరు బ్యాటరీలో పోస్తే పాడవుతుంది.

వాకిట్లో

చెంబెడు కళ్లాపి, వాకిలి నిండా ముగ్గు!

చెనిక్కాయ పొట్టు పరిస్తే కుండీకి గొడుగు పట్టినట్టే!

రెండంగుళాల మందాన చెనిక్కాయ పొట్టో, ఎండుటాకులో, కొబ్బరి పీచో పరచండి, కాండానికి మాత్రం తగలనీయొద్దు. నీళ్లు సాయంత్రం ఎండ దిగాక పోయండి. వేలు అంగుళం లోతుకు దించి తడి తగిలితే ఆరోజుకు ఆపేయొచ్చు. బండి కడగడానికి పైపు బదులు ఒక బకెట్టు, ఒక గుడ్డ.

డ్రమ్ములు పెట్టుకున్న ఇళ్లకు

డ్రమ్ముకు మూత, దోమకు కోత. వారానికోసారి అంచు రుద్దుదాం!

డెంగీ దోమ నిల్వ నీళ్ల అంచున గుడ్లు పెడుతుంది. ఎండాకాలంలో వారం, పది రోజుల్లో అవి దోమలైపోతాయి. అంచు రుద్దకుండా నీళ్లు మాత్రం పారబోస్తే గుడ్లు అక్కడే అంటుకుని ఉండిపోతాయి. అడుగున మిగిలిన నీళ్లు మొక్కలకు పోయండి.

మైకు ఆటో కోసం, గంగమ్మ జాతర వారానికి

*అక్కా, అన్నా, అవ్వా, తాతా! జాతరకు చుట్టాలొస్తున్నారు. పొంగలి పెట్టాలి, పదిమందికి నీళ్లు పోయాలి. సంపు నింపుకునే ముందు ఒక్క పని చేద్దాం. ఈ రాత్రి అందరూ పడుకున్నాక మోటారు ఆపి, మున్సిపల్ నీళ్లొచ్చే వాల్వు కట్టేసి, పైనుంచి కట్టె దించి నీటి మట్టం గుర్తు పెట్టుకుందాం. సంపులోకి ఎవరూ దిగొద్దు, లోపల గాలి ఆడదు. తెల్లారి ఎవరూ నీళ్లు వాడకముందే మళ్లీ కట్టె దించి చూద్దాం. రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పున్న సంపులో ఒక్క సెంటీమీటరు దిగినా 30 లీటర్లు పోయినట్టే. గోడలోనో అడుగునో పగులు ఉంటుంది. అప్పుడు మేస్త్రీకి చెబుదాం. ఆదివారం పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా పార్కు గేటు దగ్గర ప్లంబరు కూర్చుంటారు. కారే కొళాయి పాత వాషరు తెచ్చి చూపిస్తే అదే సైజుది ఇస్తారు, ఎలా వేయాలో చేసి చూపిస్తారు. స్పానరు లేనివాళ్లు చెబితే ఇంటికొచ్చి వేస్తారు.*