మన ఫ్లాట్ గ్రూపుకి: జూన్ నుంచి పెరిగే అద్దె, కరెంటు బిల్లు గురించి

శ్రీనన్నా, కిరణ్, సందీప్, కాస్త పెద్ద మెసేజ్ ఇది. ఆఫీసు హడావిడిలో కాకుండా రాత్రి తీరిగ్గా చదవండి. వెంటనే జవాబు ఇవ్వక్కర్లేదు.

నిన్న ఓనర్ అంకుల్‌తో మాట్లాడాను. ఈ నెలాఖరుకి మన పదకొండు నెలల అగ్రిమెంట్ అయిపోతోంది కదా, జూన్ 1 నుంచి అద్దె పెంచుతానన్నారు. ముందు 35,000 అడిగారు. మనం ప్రతి నెలా 5వ తేదీలోపే కడుతున్నామని, ఇంటిని శుభ్రంగా ఉంచుకుంటున్నామని చెప్తే 33,500కి వచ్చారు. అడ్వాన్స్ మాత్రం పెంచొద్దని అడిగితే సరే అన్నారు. వంటింట్లో సింక్ కింద లీకేజీ కూడా ఆయన ఖర్చుతోనే బాగుచేయిస్తారట. ఇంతకన్నా తగ్గేలా అనిపించలేదు. ఎవరైనా ఇంకోసారి మాట్లాడి చూద్దామంటే నాకేం అభ్యంతరం లేదు, కలిసే వెళ్దాం.

ఇల్లు మారితే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకుంటారని అగ్రిమెంట్‌లోనే ఉంది. దాని మీద కొత్త ఇంటికి బ్రోకర్ కమీషన్, సామాను తరలించే ఖర్చు. నెలకి 3,500 పెరిగినా పదకొండు నెలలకి 38,500. దాదాపు అంత డబ్బు ఇల్లు మారడానికే పోతుంది, పైగా కొత్త చోట అద్దె తక్కువ ఉంటుందని నమ్మకం లేదు. అందుకే ఇక్కడే ఉండటం మేలని నా అభిప్రాయం. మీలో ఎవరికైనా వేరే ఆలోచన ఉంటే మొహమాటపడకుండా ఇప్పుడే చెప్పండి. సంతకాలయ్యాక చెప్తే అందరికీ ఇబ్బంది.

ఇక పెరిగిన 3,500 ఎలా పంచుకోవాలి అన్నది. నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి.

సమానంగా వేసుకుంటే తలా 875. లెక్క తేలిక. పైగా హాలు, వంటిల్లు, లిఫ్టు అందరం ఒకేలా వాడుతున్నాం కాబట్టి అందులోనూ న్యాయం ఉంది.

రెండోది, ఇప్పుడు ఎవరు ఎంత కడుతున్నారో అదే నిష్పత్తిలో పెంచుకోవడం. మనం దిగినప్పుడు గదుల్ని బట్టి అందరం ఒప్పుకుని వేసుకున్న అద్దెలే కదా ఇవి. శ్రీనన్న అటాచ్డ్ బాత్రూమ్ గదికి 9,000, కిరణ్ చిన్న గదికి 8,000, ఒకే గదిలో ఉంటున్న నేను, సందీప్ చెరో 6,500. అలా చూస్తే కొత్త అద్దెలు ఇవి:

శ్రీనన్న 10,050 (1,050 ఎక్కువ)
కిరణ్ 8,930 (930 ఎక్కువ)
సందీప్ 7,260 (760 ఎక్కువ)
నేను 7,260 (760 ఎక్కువ)

నాకు ఈ రెండోదే సబబుగా అనిపిస్తోంది. కానీ ఒక మాట ముందే చెప్పాలి. ఈ పద్ధతిలో నాకూ సందీప్‌కీ చెరో 115 తగ్గుతుంది, శ్రీనన్నకి 175, కిరణ్‌కి 55 పెరుగుతుంది. నాకు లాభం వచ్చే లెక్కని నేనే తేల్చేయడం బాగుండదు. కాబట్టి శ్రీనన్నా, కిరణ్, దీని మీద మీ మాట ముందు వినాలని ఉంది. సమానంగానే పోదాం అంటే నేను సంతోషంగా 875 కడతాను.

మెయింటెనెన్స్ కూడా 2,500 నుంచి 3,000 అయింది. బోరు అడుగంటి ట్యాంకర్లు తెప్పిస్తున్నారు. నీళ్లు మనిషిని బట్టే ఖర్చవుతాయి కాబట్టి ఇది తలా 750 చాలు, ఇంకో లెక్క అక్కర్లేదు. వైఫై, వంట అక్క జీతం ఎప్పటిలాగే.

నాకు నిజంగా మారాలనిపిస్తున్నది కరెంటు బిల్లు పంపకం. జనవరిలో 190 యూనిట్లు వచ్చాయి, మొన్నటి బిల్లులో 480. నెలకి 200 దాటితే స్లాబే మారిపోతుంది. 200 లోపు ఉంటే మొదటి వంద 3.40 చొప్పున, తర్వాతి వంద 4.80 చొప్పున పడతాయి. దాటితే మొదటి 200 యూనిట్లకీ 5.10 పడుతుంది, ఆ పైన 7.70, 9.00, 400 దాటాక 9.50. అందుకే జనవరిలో యూనిట్ల ఛార్జీ 772 అయితే, ఇప్పుడు 3,450 అయింది. ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం రెండు ఏసీలదే. ఒకటి శ్రీనన్న గదిలో, ఒకటి మా గదిలో. కిరణ్ కూలర్‌తో సరిపెట్టుకుంటున్నాడు, అయినా మనతో సమానంగా నాలుగో వంతు, అంటే 860 పైన కడుతున్నాడు. వాడు ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. అడగలేదని అలాగే వదిలేయడం నాకు నచ్చడం లేదు.

ఫ్యాన్లు, ఫ్రిజ్, గీజర్, కూలర్, వాషింగ్ మెషిన్ కలిపి ఎండాకాలంలో 240 యూనిట్లు అనుకుందాం, మిగతా 240 ఏసీలవి. స్లాబుల్లో పై రేటంతా ఏసీ మీదే వేస్తే అది కూడా మరీ ఎక్కువవుతుంది కాబట్టి సగటు రేటే తీసుకున్నాను. అప్పుడు 3,450లో సగం 1,725 నలుగురం పంచుకుంటాం. మిగతా 1,725 ఏసీ వాడే ముగ్గురం. మా గదిలో ఇద్దరం ఉన్నా ఏసీ తెల్లారేదాకా నడుస్తుంది, శ్రీనన్న నిద్రపట్టేదాకా వేసి ఆపేస్తాడు, అందుకని ముగ్గురికీ సమానం అనుకున్నాను. కిరణ్‌కి 432, మన ముగ్గురికీ తలా 1,006. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, డ్యూటీ నాలుగు సమాన భాగాలు.

ఇదంతా అంచనానే. రెండు ఏసీ లైన్లకీ చెరో సబ్‌మీటర్ పెట్టించుకుంటే ఎవరికీ అనుమానం ఉండదు. కింద షాపులో ఉండే ఎలక్ట్రీషియన్ ఫిట్టింగ్‌తో కలిపి రెండింటికీ 1,500 అన్నాడు. ఆ ఖర్చు ఏసీ ఉన్న మేం ముగ్గురం తలా 500 పెట్టుకుంటే చాలు. మీటర్లు వచ్చాక నెలాఖరున రీడింగ్ ఫోటో గ్రూపులో పెట్టే పని నాది.

శ్రీనన్నా, అద్దెలోనూ కరెంటులోనూ రెండు చోట్లా నీకే భారం పెరిగినట్టు కనిపిస్తోందని నాకు తెలుసు. అది ఎక్కువనిపిస్తే, అద్దె సమానంగా పెంచుకుని కరెంటు మాత్రం ఈ పద్ధతిలో వేసుకుందాం. అలాగైనా నాకు పూర్తిగా సమ్మతమే. ఈ ఇల్లు వెతికింది, అప్పట్లో అడ్వాన్స్ మొత్తం నీ చేతినుంచి సర్దింది నువ్వే. అది మేమెవరం మర్చిపోలేదు.

ఎవరికైనా ఈ రెండు నెలలు చేతిలో డబ్బు ఆడకపోతే గ్రూపులో చెప్పనవసరం లేదు, నాకు విడిగా ఒక మెసేజ్ పెట్టండి. ఆ తేడా నేను సర్దుతాను, వీలైనప్పుడు ఇవ్వచ్చు. ఎందుకని అడగను.

ఆదివారం టిఫిన్ అయ్యాక హాల్లో ఒక అరగంట కూర్చుందామా? సందీప్‌కి ఆ రోజు షిఫ్టు ఉంటే శనివారం రాత్రి అయినా పర్లేదు. లెక్కలు వేసిన షీట్ కూడా గ్రూపులో పెడుతున్నాను, అంకెల్లో తేడా కనిపిస్తే దిద్దండి. ఓనర్ అంకుల్‌కి 25వ తేదీకల్లా జవాబు చెప్పాలి. ఈసారి అగ్రిమెంట్‌లో నలుగురి పేర్లూ రాయించమని అడిగాను, ఒప్పుకున్నారు. ఆధార్ జిరాక్స్ ఒకటి చొప్పున సిద్ధంగా ఉంచుకోండి.

వంశీ