మా తరగతిలో పుట్టిన సూక్తులు

పదో తరగతి ‘ఎ’ విభాగం, వీడ్కోలు సంచిక, 2024-25

ఈ సంచికకు ఒక్కొక్కరు ఒక సూక్తి రాసి ఇవ్వాలని తెలుగు మాష్టారు చెప్పినప్పుడు, వరండా గోడల మీద ఇప్పటికే రాసి ఉన్నవాటిని మళ్లీ ఎక్కించడం నాకు ఇష్టం లేకపోయింది. ఆరో తరగతి నుండి మన గదిలోనే పుట్టి, మనకు మాత్రమే పూర్తిగా అర్థమయ్యే మాటలు కొన్ని ఉన్నాయి. ఏ మాట ఎవరి వల్ల పుట్టిందో దానిని వారికే అప్పగిస్తున్నాను.

కృష్ణ అవతలి లంకల నుండి వచ్చే మిత్రులకు: “పడవకు బడి గంట వినిపించదు.” మొదటి పీరియడు సగమయ్యాక, తడి కాళ్లతో గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రావచ్చునా అని మీరు అడిగిన ప్రతిసారీ ఈ మాట అని నవ్వేవాళ్లం. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటి, మన దివిసీమ లంకలు మునిగి, పడవలు ఆగిపోయిన తరువాత బడి తెరిచిన రోజున, హాజరు పిలుస్తున్నప్పుడు మీ పేర్ల దగ్గర ఎవరూ పలకలేదు. ఆనాటి నుండి ఈ మాటను మేమెవరమూ నవ్వుతూ అనలేదు.

మూడో బెంచీ చివర కూర్చునే మిత్రునికి: “కొట్టివేతకు ఒక్క గీత చాలు.” వర్గ సమీకరణం చివరి వరుసలో గుర్తు తప్పిందని నీవు కాగితాన్నే చింపివేయగా, లెక్కల మాష్టారు ఆ ముక్కలను బల్ల మీద ఓపికగా పేర్చి చూసి, 4 మార్కులకు 3 వేశారు. పబ్లిక్ పరీక్షలో ముక్కలు ఏరేవారు ఉండరు కనుక ఇది గుర్తుంచుకో.

భోజనాల వరుసలో ఎప్పుడూ ముందుండేవారికి: “పప్పు గరిటె పట్టినవారితో తగవు కూడదు.” దీనికి వివరణ అక్కరలేదు.

ప్రయోగశాలలో నాతో కలిసి పనిచేసిన స్నేహితురాలికి: “మరీ దగ్గరుంటే తెర మీద పడదు.” కుంభాకార కటకానికి, నాభికి మధ్య కొవ్వొత్తిని పెట్టి, ప్రతిబింబం ఎందుకు రావడం లేదని మనం ఒక పీరియడంతా తెరనే జరుపుతూ కూర్చున్నాము. కొవ్వొత్తిని కాస్త దూరం జరపగానే మంట తలక్రిందులుగా వచ్చి తెర మీద నిలిచింది. ఈ ఏడాది మన బెంచీలు వేరైనప్పుడు నీవు ఇదే మాట చెప్పి నన్ను ఊరడించావు.

తరగతిలో మొదటి స్థానంలో ఉండే మిత్రురాలికి: “నోట్సు ఇస్తే మార్కులు పోవు.” పదో తరగతి మార్కుల మీదనే నూజివీడు ట్రిపుల్ ఐటీ సీటు ఆధారపడి ఉంటుందని తెలిసి కూడా, ప్రీఫైనల్ ముందు రోజున జీవశాస్త్రం నోట్సును నలుగురికి ఇచ్చినది నీవే.

చివరగా, నా జామెట్రీ పెట్టెలోని కోణమానిని ఎవరి దగ్గర ఉన్నదో వారు హాల్ టికెట్లు ఇచ్చే రోజున తెచ్చి ఇవ్వవలసినదిగా కోరుతున్నాను. ఈ వాక్యం మాత్రం సూక్తి కాదు.