నిన్న ఇంకు నింపాం, ఇవాళ కార్ట్రిడ్జే లేదంటోంది

జూన్ వచ్చిందంటే తణుకులోని మా షాపుకి ప్రింటర్లు వరస కడతాయి. వేసవి సెలవులంతా మూలన పడున్నవి స్కూళ్లు తెరవగానే గుర్తొస్తాయి. మొన్న ఒక టీచరు గారు ప్రింటర్‌ని పాత దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చారు.

"నిన్న రాత్రి మా అబ్బాయి సిరంజితో ఇంకు నింపాడండీ. పొద్దున ప్రింట్ ఇస్తే కార్ట్రిడ్జే లేదంటోంది. కొత్తది కొనేయమంటారా?"

"అప్పుడే కొనకండి మేడమ్, ఒక్క పావుగంట కూర్చోండి" అన్నాను.

ఇలా వచ్చేవాళ్లలో చాలామంది మా దగ్గరికి వచ్చేలోపే మంచి కార్ట్రిడ్జ్‌ని చెత్తబుట్టలో పడేసి ఉంటారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఆ పావుగంటలో నేను ఏం చేస్తానో, ఎందుకు చేస్తానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం. మన ఇళ్లలో ఉండే మామూలు ఇంక్‌జెట్లలో చాలావాటికి లోపల ఇంకు ఎంత ఉందో కనపడదు. కార్ట్రిడ్జ్ వెనకున్న రాగి చుక్కల ద్వారా కరెంటు సిగ్నల్ పంపి, జవాబు వస్తే కార్ట్రిడ్జ్ ఉందనుకుంటాయి. రాకపోతే లేదనో, పాడైందనో అంటాయి. ఇంకు లెక్క దీంతో సంబంధం లేని వేరే పద్దు. కాబట్టి స్క్రీన్ మీద వచ్చింది "గుర్తుపట్టలేదు" అనే మాటా, "ఇంకు అయిపోయింది" అనే మాటా అన్నది మొదట చదివి చూసుకోవాలి. హెచ్‌పీ ప్రింటర్లలో మొదటి రకం మాట `The following ink cartridge appears to be missing or damaged` అనో `Cartridge Problem` అనో వస్తుంది. క్యానన్ చిన్న ప్రింటర్లలో `E04`, `E05` లాంటి అంకెలు వెలిగితే కార్ట్రిడ్జ్‌ని గుర్తుపట్టలేదని అర్థం. `E13`, `E16` ఇంకు లెక్కకు సంబంధించినవి. మొదటి రకానికి తుడవడం మందు. రెండో రకానికి ఎంత తుడిచినా లాభం లేదు.

మన దగ్గర ఎక్కువగా కనపడే హెచ్‌పీ 678, 680, 803, 805, క్యానన్ 47, 57, 745, 746 అన్నీ ఒకే జాతివి. ఇంకు చల్లే హెడ్డు కార్ట్రిడ్జ్‌లోనే ఉంటుంది. విడిగా ఊడదీసి మార్చే చిప్ ఉండదు, ఆ పనంతా హెడ్డుతో ఉన్న సర్క్యూటే చేస్తుంది. కాబట్టి వీటికి "చిప్ మార్చి ఇస్తాం" అని ఎవరైనా అంటే నమ్మకండి.

టీచరు గారి ప్రింటర్ మూత తెరిచి, రంగుల కార్ట్రిడ్జ్ బయటికి తీసి, మూత వేశాను. హెచ్‌పీ డెస్క్‌జెట్లలో ఇదొక సౌకర్యం: ఒక కార్ట్రిడ్జ్ తీసేసినా ఉన్న రెండోదానితో పనిచేస్తాయి. నల్లది ఒక్కటే ఉంచితే ఎర్రర్ పోయిందంటే దొంగ రంగులది. పోకపోతే అటుది ఇటు చేసి చూడాలి. క్యానన్‌లో ఈ పరీక్ష కుదరదు, దానికి రెండూ ఉండాల్సిందే. ఈ ప్రింటర్‌లో రంగులది తీయగానే ఎర్రర్ మాయమైంది.

ఆ కార్ట్రిడ్జ్‌ని టేబుల్ లైటు కింద పక్కకు వంచి చూపించాను. నిటారుగా చూస్తే రాగి చుక్కలు శుభ్రంగానే ఉన్నట్టున్నాయి. వంచినప్పుడు మాత్రం కింది రెండు వరసల మీద వంకాయ రంగు పొర సన్నగా మెరిసింది. నింపేటప్పుడు ఇంకు పొంగి, మూతమీది స్టిక్కర్ కిందుగా జారి, వెనక్కి వచ్చి ఆరిపోయింది. తడిగా ఉన్న ఇంకు కరెంటును ఒక చుక్క నుంచి పక్క చుక్కకు పాకిస్తుంది, ఆరిన ఇంకు అసలు అందకుండా అడ్డుపడుతుంది. రెండింటికీ ప్రింటర్ చెప్పే మాట ఒకటే.

తుడవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. పోగులు ఊడని గుడ్డ కావాలి. కళ్లజోడు తుడుచుకునే గుడ్డ బంగారంలా పనికొస్తుంది. టిష్యూ పేపర్, దూది వద్దు, వాటి నూలు రాగి చుక్కలకే అంటుకుంటుంది. నీళ్లు కావాలంటే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. బోరు నీళ్లు వాడితే ఆరాక తెల్లటి ఉప్పు మిగులుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇంకు మొండిగా ఉంటే మొబైల్ రిపేర్ షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒకటి రెండు చుక్కలు చాలు. శానిటైజర్‌లో గ్లిజరిన్ కలిసి ఉంటుంది, అది జిడ్డు పొర వదులుతుంది. గోళ్లరంగు తీసే ద్రవం, పెట్రోలు దగ్గరికి కూడా రానివ్వకండి, ప్లాస్టిక్ కరిగిపోతుంది.

కార్ట్రిడ్జ్‌ని రెండు పక్కలా పట్టుకోవాలి. గుడ్డ తడిసీ తడవనట్టుండాలి, పిండితే నీరు రాకూడదు. రాగి చుక్కల మీద మాత్రమే, కింద ఇంకు చల్లే పలక వైపు నుంచి పైకి, ఒకే దిక్కుకు తుడవాలి. పై నుంచి కిందికి లాగితే మురికంతా సన్నటి రంధ్రాల్లోకి పోతుంది. ఒకసారి తుడిచిన చోటుతో మళ్లీ తుడవకండి, గుడ్డను మడిచి కొత్త చోటు వాడండి. రంగు అంటడం ఆగేదాకా ఇదే పని. ఆపైన పొడి చోటుతో ఒకసారి తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వాలి. హెయిర్ డ్రయ్యర్ వద్దు. అలాగని బయట మరీ ఎక్కువసేపు ఉంచినా హెడ్డు ఎండిపోతుంది, అరగంట దాటనివ్వకండి. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే మెరుస్తాయని కొందరు చేస్తుంటారు. నేను చేయను. రబ్బరు పొడి రంధ్రాల్లో పడుతుంది, గట్టిగా రుద్దితే చుక్కల మీది పూతే లేచిపోతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేసి, పనిచేయలేదని వస్తారు. కార్ట్రిడ్జ్ తగిలే చోటు ఇంకొకటి ఉంది, ప్రింటర్ లోపల. క్యారేజ్ గదిలో సన్నటి స్ప్రింగు పిన్నులు కనపడతాయి. పాత కార్ట్రిడ్జ్ మురికి వాటికీ అంటుకుని ఉంటుంది, మీరు తుడిచిన దాన్ని మళ్లీ మురికి చేస్తుంది. కార్ట్రిడ్జులు బయట ఉండగానే పవర్ వైరు గోడ నుంచి పూర్తిగా తీసేసి, అదే గుడ్డను వేలికి చుట్టి మెల్లగా అద్దండి. రుద్దితే పిన్ను వంగుతుంది, ఆ తర్వాత ఎవరూ బాగు చేయలేరు. అదీ ఆరాక కార్ట్రిడ్జులు టక్కుమనేదాకా నొక్కి పెట్టండి. సగం కూర్చున్న కార్ట్రిడ్జ్ వల్ల వచ్చే ఎర్రర్లు తక్కువేం కాదు.

కొత్తది కొని పెట్టినా గుర్తుపట్టకపోతే ముందుగా టేపు చూడండి. లాగడానికి చెవిలాంటి ముక్క ఉన్న పలచని టేపు ఒక్కటే తీయాలి. దాన్ని వదిలేసినవాళ్లనూ చూశాను, ఆ టేపుతో పాటు రాగి పట్టీని కూడా పీకేసినవాళ్లనూ చూశాను. రెండోదానికి మందు లేదు. ఎడమ గది, కుడి గది తారుమారయ్యాయేమో, నంబరు మీ మోడల్‌దేనా అన్నదీ చూడండి. 803, 805 పెట్టెలు దూరం నుంచి ఒకేలా ఉంటాయి, కానీ ఒకదాని ప్రింటర్‌లో ఇంకోటి పనిచేయదు. ఎర్రర్‌లో `Protected` అనే మాట ఉంటే తుడవడం దండగ. ఆ కార్ట్రిడ్జ్ ఇంతకుముందు వేరే ప్రింటర్‌లో వాడినప్పుడు `Cartridge Protection` అనే సెట్టింగ్ ఆన్‌లో ఉండి, దానికే తాళం పడిందన్నమాట. సెకండ్‌హ్యాండ్ ఖాళీలు కొని నింపుకునేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇవన్నీ చేసినా లేవకపోతే హెడ్డు కాలిపోయి ఉండొచ్చు. ఈ రకం హెడ్డులో ప్రతి రంధ్రం దగ్గరా ఒక చిన్న హీటర్ ఉంటుంది. అది క్షణంలో వేడెక్కితే ఇంకులో బుడగ లేస్తుంది, ఆ బుడగే చుక్కను కాగితం మీదికి నెడుతుంది. ఆ హీటర్‌ని చల్లగా ఉంచేది కూడా ఇంకే. ఇంకు లేకుండా ఇరవై పేజీలు లాగామంటే పొయ్యి మీద ఉత్త గిన్నె పెట్టినట్టే. అందుకే పూర్తిగా ఎండిపోకముందే నింపాలి.

టీచరు గారి కార్ట్రిడ్జ్ లేచింది. కానీ స్క్రీన్ చూసి ఆవిడ మళ్లీ టెన్షన్ పడ్డారు. "నింపాక కూడా ఖాళీ అనే చూపిస్తోందేంటండీ?"

ఇక్కడే రెండో పద్దు సంగతి. ఈ రకం ప్రింటర్లు చల్లిన చుక్కలను లెక్కపెట్టి, మొత్తంలోంచి తీసేస్తూ పోతాయి. హెడ్డు క్లీనింగ్‌కి ఖర్చయింది కూడా ఆ లెక్కలోకే వెళుతుంది, అందుకే ప్రింట్లు తీయకపోయినా స్క్రీన్ మీది ఇంకు గీత తగ్గుతుంది. ప్రతి కార్ట్రిడ్జ్‌కీ ఒక గుర్తింపు ఉంటుంది, సిరంజితో ఇంకు పోసినంత మాత్రాన అది మారదు. కాబట్టి నింపాక కూడా ఖాళీ అనో, ప్రశ్న గుర్తో కనపడటం సహజం. హెచ్‌పీలో అయితే హెచ్చరికకు ఓకే నొక్కి ముందుకెళ్లొచ్చు, ప్రింట్ వస్తుంది. క్యానన్ `E13`, `E16` దగ్గర ఆగితే స్టాప్ బటన్‌ను ఐదు సెకన్లు, కాస్త ఎక్కువే అయినా ఫర్వాలేదు, నొక్కి పట్టుకోండి. ఆ కార్ట్రిడ్జ్‌కి లెక్క చూపించడం మానేసి ప్రింటర్ పని మొదలుపెడుతుంది.

విడి చిప్ ఉన్న ఎప్సన్ కార్ట్రిడ్జుల సంగతి వేరు. అక్కడ లెక్క చిప్ మీదే రాసి ఉంటుంది, సున్నాకి వస్తే లోపల కొంచెం ఇంకు మిగిలున్నా ప్రింటర్ ఆగిపోతుంది. హెడ్డు ప్రింటర్‌లోనే ఉంటుంది కాబట్టి దాంట్లోకి గాలి పోకూడదని అలా చేస్తారు. రీఫిల్ కోసం అమ్మే ఆటో రీసెట్ చిప్పులు లెక్క సున్నాకి రాగానే మళ్లీ ఫుల్ చూపిస్తాయి. చూసి మురిసిపోకండి. లోపల నిజంగా ఇంకు పోశారో లేదో ఆ చిప్‌కి తెలియదు, గాలి లాక్కున్న హెడ్డుని బాగుచేయడం కార్ట్రిడ్జ్ కొన్నంత తేలిక కాదు. ఎల్3110 లాంటి ట్యాంకు ప్రింటర్లలో కార్ట్రిడ్జే లేదు. ట్యాంకు గోడ మీది కింది గీతే మీటరు, కళ్లతో చూసి నింపుకోవాలి.

ఆవిడ ముందే ఒక పేజీ రంగుల్లో, ఒక పేజీ నలుపులో తీశాను. రెండూ నిండుగా వచ్చాయి. ప్రింటర్ మూత లోపలి వైపు చిన్న స్టిక్కర్ అంటించి నింపిన తేదీ రాశాను. "స్క్రీన్ మీద గీతను వదిలేయండి మేడమ్. అక్షరం పలచబడినా, రంగులో గీతలు పడినా ఆ పేజీ దగ్గరే ఆపి నింపండి. మీ అబ్బాయిని చుక్క చుక్కగా పోయమనండి, రంధ్రం దగ్గర ఇంకు పైకి కనపడగానే సిరంజిలోకి కాస్త వెనక్కి లాగి, నిమిషం ఆగి, వెనకవైపు రాగి చుక్కలు చూసి అప్పుడు పెట్టమనండి" అన్నాను. ఆవిడ ఆ మాటలన్నీ ఫోన్‌లో రికార్డు చేసుకుని, ప్రింటర్‌ని మళ్లీ దుప్పట్లో చుట్టుకున్నారు.