స్నానాల తొట్టిలో సంతకం: అబూ కార్టూన్‌పై జవాబు

ప్రశ్న: ఇక్కడ ఇచ్చిన కార్టూన్‌ను అబూ అబ్రహాం గీశారు. 1975 డిసెంబరు 10న ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చింది. ఇందులోని సంకేతాలను, కింది వ్యాఖ్యను ఆధారం చేసుకుని, ఆనాటి పరిణామాలపై కార్టూనిస్టు అభిప్రాయం ఏమిటో వివరించండి. దానితో మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు? (15 మార్కులు)

జవాబు:

కార్టూన్‌లో స్నానాల తొట్టిలో ఉన్న వ్యక్తి అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్. ఒంటి మీద బట్టలు లేవు. ఆ స్థితిలోనే సంతకం పెట్టిన కాగితాన్ని, కలాన్ని తలుపు దగ్గరికి చాపుతున్నారు. అవతలివాళ్ళు దాన్ని అందుకుంటున్నారు. కింద ఆయన మాట: "ఇంకా ఏవైనా ఆర్డినెన్సులు ఉంటే, కాస్త ఆగమనండి."

బొమ్మ చూడగానే ఇది జూన్ 25 రాత్రి జరిగిన అత్యవసర పరిస్థితి ప్రకటన గురించి అనిపిస్తుంది. కానీ వ్యాఖ్యలో ఉన్న మాట ఆర్డినెన్సు. ప్రకటన 352వ అధికరణ కింద వస్తే, ఆర్డినెన్సు 123వ అధికరణ కింద వస్తుంది. తేదీ కూడా దీనికే సరిపోతుంది. రెండు రోజుల ముందే, డిసెంబరు 8న, పత్రికలకు సంబంధించి మూడు ఆర్డినెన్సులు వచ్చాయి. ఒకటి 'అభ్యంతరకర' రాతల ప్రచురణను అడ్డుకునేది, మరొకటి ప్రెస్ కౌన్సిల్‌ను రద్దు చేసేది, ఇంకొకటి పార్లమెంటు చర్చలను ప్రచురించే పత్రికలకున్న రక్షణను తీసేసేది. వీటిని దృష్టిలో పెట్టుకుంటేనే బొమ్మ పూర్తిగా అర్థమవుతుంది.

ఇక సంకేతాలు. రాష్ట్రపతి సంతకం అంటే బల్ల, ఫైలు, అధికారులు, హోదా గుర్తుకొస్తాయి. అబూ ఇవన్నీ తీసేసి తొట్టి, నీళ్ళు మిగిల్చారు. ఫైలు చదవడానికి అక్కడ చోటే లేదు. నగ్నత్వం ఆయనను అవమానించడానికి గీసింది కాదనుకుంటున్నాను. పదవికున్న గౌరవమంతా ఒలిచేస్తే మిగిలింది సంతకం పెట్టే చెయ్యి ఒక్కటే అని చెప్పడానికి. తలుపు అవతల ఎవరున్నారో చూపించకపోవడం ఇంకా ముఖ్యం. ఇందిరా గాంధీ బొమ్మ ఎక్కడా లేదు. అయినా కాగితం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి పోతుందో చూసేవాళ్ళకు తెలుసు. పత్రికలపై సెన్సారు ఉన్న రోజుల్లో ఇంతకన్నా సూటిగా గీయడం కష్టం.

నా దృష్టిలో అసలు పదును వ్యాఖ్యలో ఉంది. మొదట చదివితే రాష్ట్రపతి ఎదురు చెబుతున్నట్టు ఉంటుంది. మళ్ళీ చదివితే ఆయన "చదివి చూస్తాను" అనలేదు, "ఎందుకు?" అని అడగలేదు. ఆగమన్నది స్నానం అయ్యేదాకే. తర్వాత వచ్చేవాటి మీదా సంతకం ఖాయం. మన ఊళ్ళలో గంగిరెద్దు తల ఊపినట్టు అంటాం కదా, ఇక్కడ ఆ ఎద్దు కాసేపు విశ్రాంతి అడుగుతోంది, అంతే. 123వ అధికరణ ప్రకారం వెంటనే చర్య అవసరమని రాష్ట్రపతి సంతృప్తి చెందాలి. ఆ సంతృప్తిని కోర్టులో ప్రశ్నించే వీలు లేకుండా 1975లోనే 38వ సవరణ చేశారు. అలాంటి ఏడాదిలో, ఈయన పొందిన సంతృప్తి వేన్నీళ్ళదే అన్నట్టుంది బొమ్మ.

కాబట్టి అబూ అభిప్రాయం ఇది: పార్లమెంటును పక్కన పెట్టి ఆర్డినెన్సులతో పాలన సాగుతోంది, దాన్ని ఆపి చూడాల్సిన రాష్ట్రపతి రబ్బరు స్టాంపు అయ్యారు. అబూను ప్రతిపక్షం మనిషి అని కొట్టిపారేయలేం. అప్పటికి ఆయన రాజ్యసభలో నామినేటెడ్ సభ్యుడు, అంటే ఆ స్థానం కూడా రాష్ట్రపతి నియామకంతో వచ్చిందే. అందుకే ఈ విమర్శకు బరువు ఎక్కువ.

నేను చాలావరకు ఏకీభవిస్తాను. జూన్ 25 రాత్రి సంతకం అయ్యాక, మర్నాడు ఉదయం గానీ కేంద్ర మంత్రివర్గానికి విషయం తెలియలేదు. మంత్రివర్గం నిర్ణయం లేకుండానే ప్రకటనపై సంతకం పెట్టిన రాష్ట్రపతిని అబూ ఇలా గీయడంలో అతిశయోక్తి తక్కువే. కానీ ఒక అభ్యంతరం ఉంది. మన పార్లమెంటరీ పద్ధతిలో రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీదే నడవాలి. తప్పంతా తొట్టిలో ఉన్న మనిషిదే అన్నట్టు చూస్తే కాగితం పంపినవాళ్ళు తేలిగ్గా తప్పించుకుంటారు. 1978లో 44వ సవరణ రెండు వైపులా సరిచేసింది. సలహాను ఒకసారి పునఃపరిశీలనకు తిప్పి పంపే అధికారం రాష్ట్రపతికి ఇచ్చింది. మంత్రివర్గం నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలిపితేనే అత్యవసర పరిస్థితి ప్రకటించాలని షరతు పెట్టింది. "కాస్త ఆగమనండి" అనే మాటకు రాజ్యాంగంలో అసలైన అర్థం వచ్చింది అప్పుడే.