పెళ్లిరోజు శుభాకాంక్షలు

శ్రీ సత్యనారాయణ గారికి, శ్రీమతి విజయలక్ష్మి గారికి నమస్కారం.

విశాఖకు మళ్లీ స్వాగతం. మీ ముప్ఫయ్యో పెళ్లిరోజుకు మా అందరి హృదయపూర్వక శుభాకాంక్షలు. ఈ రెండు రోజులు గడపడానికి ఈసారీ మా హోటల్‌నే ఎంచుకున్నారు, చాలా సంతోషం.

కిందటిసారి లిఫ్టు చప్పుడుకు దూరంగా ఉండే గది బాగుంటుందన్నారు. అందుకే ఈ చివరి గది ఉంచాం. బాల్కనీ తూర్పు ముఖం. జనవరిలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది, లేవాలనిపిస్తే కుర్చీలు బయటే వేసి ఉన్నాయి. పల్చటి దిండ్లు మంచం మీదే పెట్టించాం.

కేకు, పాటలు, ఫొటోలు అంటూ మేం ఏ హడావిడీ పెట్టుకోలేదు. కావాలనుకుంటే సాయంత్రం ఐదులోపు ఒక్క మాట చెప్పండి, డాబా మీద టేబుల్ వేయిస్తాం. వద్దనుకుంటే భోజనం గదికే పంపిస్తాం. ఆదివారం తీరిగ్గా బయల్దేరండి, మధ్యాహ్నం రెండు వరకు గది మీదే.

శుభాకాంక్షలతో,
ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్, సిబ్బంది

పళ్లెం పక్కన కార్డు

మీ పెళ్లిరోజుకు మా తరఫున చిన్న కానుక. వీటికి బిల్లు ఉండదు.

మాడుగుల హల్వా: నానబెట్టిన గోధుమల నుంచి పాలు తీసి, పంచదార, నెయ్యి వేసి దగ్గరపడే దాకా ఉడికించి చేసేది. జీడిపప్పు కూడా ఉంది. ఫ్రిజ్‌లో పెడితే నెయ్యి గడ్డకడుతుంది, బయట ఉంచితేనే రుచి. తీపి వద్దనుకుంటే 9 నొక్కండి, బదులుగా పళ్లు పంపిస్తాం.

ఏటికొప్పాక కుంకుమ భరిణె: ఇది మేడమ్ గారికి. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క రంగులు అద్ది చేస్తారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నీళ్లు తగలనివ్వకండి. దుమ్ము పడితే పొడిగుడ్డతో తుడిస్తే చాలు, మెరుపు అలాగే ఉంటుంది.

కాఫీ ట్రే మీద కార్డు

పొడి అరకు లోయ అరబికా. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఆ చెట్లకే మిరియాల తీగ పాకించి, గిరిజన రైతులు పండిస్తారు. ఫిల్టర్ కడిగి పెట్టాం. నాలుగు చెంచాల పొడి వేసి, మరిగిన నీళ్లు పోసి, పావుగంట ఆగండి. తొందరపడితే డికాక్షన్ పల్చగా దిగుతుంది.

పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. పొద్దున్నే ఈ పని పెట్టుకోవడం ఎందుకనిపిస్తే ఐదున్నర నుంచి వంటగది తెరిచే ఉంటుంది. ఒకటి పంచదారతో, ఒకటి లేకుండా అని మా దగ్గర రాసి ఉంది. మారితే చెప్పండి.