పుణె పార్సిల్: సరళగారికి జవాబు మార్చి రాశాను

స్వాతీ,

సరళగారికి నువ్వు రాసిన జవాబు పొద్దున్నే చూశాను. పంపకుండా ఆపి నాకు చూపించడం మంచిదైంది. ముందు ఆవిడ మెసేజ్ ఇంకోసారి చదువు:

“అమ్మాయి పుణెలో హాస్టల్లో ఉంటుందండీ. మీరు పంపిన కిలో ఆవకాయ సీసా మూత దగ్గర పగిలి నూనంతా కారిపోయిందట. ఫొటోలు పెడుతున్నాను. పైపైన తీసేసి అడుగు ముక్కలు తినొచ్చా అని అడుగుతోంది. ఏం చెప్పను? పదో తేదీ నుంచి దానికి పరీక్షలు. ఈలోగా ఇంకోటి అందుతుందా?”

నీ డ్రాఫ్ట్ ఇది:

“గౌరవనీయులైన వినియోగదారులకు నమస్కారములు. మా సంస్థను సంప్రదించినందుకు ధన్యవాదములు. మీకు కలిగిన అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తున్నాము. వినియోగదారుల సంతృప్తియే మా ప్రథమ ప్రాధాన్యత అని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. నాణ్యత విషయంలో మేము ఎన్నడూ రాజీపడము. అయినప్పటికీ రవాణా సమయంలో మా నియంత్రణలో లేని కారణముల వలన ఇటువంటి సంఘటనలు అరుదుగా జరుగుటకు అవకాశమున్నది. మీ ఫిర్యాదు సంబంధిత విభాగమునకు పంపడమైనది. దయచేసి పాడైన వస్తువు యొక్క ఫొటోలు, ఆర్డర్ వివరములు పంపగలరు. పరిశీలన అనంతరం 7 నుండి 10 పనిదినములలో తగు చర్య తీసుకొనబడును. అంతవరకు మీ సహనానికి, సహకారానికి కృతజ్ఞతలు. మా పట్ల మీకు గల నమ్మకాన్ని ఇకముందు కూడా కొనసాగించగలరని ఆశిస్తున్నాము.”

మర్యాదకు లోటు లేదు. కానీ ఆవిడ అడిగిన రెండు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు. తినొచ్చా అని ఒక తల్లి అడుగుతోంది. అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది అదే. రెండో ఫొటో పెద్దది చేసి చూడు, సీసా అంచున వేలిగోరంత ముక్క ఎగిరిపోయింది. ఆ గాజు పలుకులు కారంలో, ఆవపిండిలో కలిస్తే కంటికి కనబడవు. పైన తీసేస్తే సరిపోయే సంగతి కాదు. నూనె తగ్గి ముక్క తేలితే బూజు పడుతుందన్నది ఆ తర్వాత మాట. మన జవాబు కోసం చూసి చూసి ఆ పిల్ల రాత్రికి అన్నంలో కలుపుకుంటే?

ఫొటోలు ఆవిడ ముందే పెట్టింది, మళ్లీ అడిగితే చూడలేదనుకుంటుంది. “సంబంధిత విభాగం” అంటే మనింట్లో ఎవరు? నువ్వూ నేనూ, ప్యాకింగ్ దగ్గర ఇద్దరూ. కొరియర్ మీదికి తోయడం కూడా నాకు నచ్చలేదు, గాజు సీసాకి ఒక్క అట్టముక్కే చుట్టింది మనమే. “అసౌకర్యం” అన్న మాట కూడా తీసేశాను. బిడ్డ కోసం పంపిన ఆవకాయ నేలపాలైతే దాన్ని అసౌకర్యం అనరు.

ఇలా మార్చాను:

“సరళగారూ, నమస్తే.

ఆ ఆవకాయ అమ్మాయిని అస్సలు తిననివ్వకండి. సీసా అంచు పగిలింది కాబట్టి గాజు పలుకులు లోపల పడి ఉండొచ్చు. అడుగు ముక్కలు కూడా వద్దు, మొత్తం పారేయమనండి. సీసా తీసేటప్పుడు చెయ్యి కోసుకోకుండా చూసుకోమనండి.

ఇంకో కిలో ఈ సాయంత్రమే పంపుతున్నాం. ఈసారి గాజు కాదు, బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో. మామూలుగా నాలుగు రోజుల్లో చేరుతుంది, అంటే ఏడో తేదీకి అందాలి. దీనికి మీరేమీ కట్టక్కర్లేదు. వద్దు, డబ్బులే ఇవ్వమంటే సాయంత్రం నాలుగులోపు ఒక్క మాట చెప్పండి, ఈ రోజే వేసేస్తాం.

ప్యాకింగ్‌లో పొరపాటు మాదే. పరీక్షల ముందు అమ్మాయికీ మీకూ ఈ టెన్షన్ పెట్టినందుకు క్షమించండి. బాగా రాయమని చెప్పండి.

స్వాతి”

కింద నీ పేరే పెట్టాను. మళ్లీ ఫోన్ చేస్తే ఎవరిని అడగాలో ఆవిడకి తెలియాలి కదా.

ఇది పంపేముందు ఆవిడకి ఫోన్ చేసి గాజు సంగతి నోటితో చెప్పు. మెసేజ్ సాయంత్రం దాకా చూడకపోవచ్చు. డబ్బా నేను దగ్గరుండి కట్టిస్తున్నాను, ట్రాకింగ్ నంబరు ఐదింటికల్లా నీకు ఇస్తాను.