మడతలో పడిన వంద టిక్కీలు

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు పోటెత్తే మార్చి నెలలో శీతల గిడ్డంగుల లెక్కలు తేలేసరికి అర్ధరాత్రి దాటుతుంది. పగలంతా దించుకున్న మిర్చి బస్తాల, అంటే టిక్కీల, వివరాలను గిడ్డంగిలో రిజిస్టరుకెక్కించి, ఆ పేజీని ఫోనుతో ఫొటో తీసి పంపిస్తే, నగరంలోని కార్యాలయంలో రాత్రి విధుల్లో ఉండే సరళ వాటిని కంప్యూటరులో నమోదు చేసి, ఉదయం ఏడు గంటలకల్లా బ్యాంకుకు నిల్వ నివేదిక సిద్ధం చేయాలి. దాచిన సరుకు మీద రైతులు తీసుకున్న అప్పులకు ఆ నివేదికే ఆధారం.

ఆ రాత్రి వచ్చిన పేజీలో తేజ రకం జమలు ఆరు వరుసలున్నాయి: 146, 88, 207, 64, 175, 93. కింద మొత్తం 673 అని, వెనుకటి నిల్వ 4,318కి దాన్ని కలిపి, బయటికి పోయిన 212 తీసివేసి, ముగింపు నిల్వ 4,779 అని రాసి, గీత గీసి సంతకం చేశారు. సరళ వరుసలు ఎక్కించగానే కంప్యూటరు 773 చూపించింది.

పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి కాగితం మీద కూడితే రెండుసార్లూ 773 వచ్చింది. అప్పుడు ఫొటోను పెద్దది చేసి చూసింది. మూడో వరుసలోని మొదటి అంకె మీదుగా పుస్తకం మడత నీడ పడింది. అది రెండు కావచ్చు, ఒకటీ కావచ్చు. ఒకటైతే ఆ వరుస 107, మొత్తం 673 సరిగ్గా సరిపోతుంది. తప్పు తాను చదవడంలోనే ఉన్నట్టు.

సంతకం ఉన్న మొత్తాన్ని ఒప్పుకొని ముందుకు సాగిపోవచ్చు. కానీ పుస్తకంలో ఎక్కువ ఉండి గదిలో తక్కువైతే అందరూ వెతుకుతారు; పుస్తకంలో తక్కువ ఉండి గదిలో ఎక్కువైతే ఎవరూ వెతకరు. లెక్కలో లేని వంద టిక్కీలు ఏ రాత్రో లారీ ఎక్కి వెళ్లిపోయినా రిజిస్టరు నిక్కచ్చిగా సరిపోతూనే ఉంటుంది, నష్టం మాత్రం ఎప్పుడో బాండు పట్టుకొని సరుకు కోసం వచ్చిన రైతు నెత్తిన పడుతుంది. ఆ రైతు మాచర్ల వైపు ఊరివాడని అదే వరుసలో ఉంది.

వరుస చివర కాటా తూకం 8,354 కిలోలని రాసి ఉంది. సరళ దాన్ని 207తో భాగించింది: టిక్కీకి నలభై కిలోల పైచిలుకు. 107తో భాగిస్తే డెబ్బై ఎనిమిది. ఎండుమిర్చిని ఎంత తొక్కి నింపినా టిక్కీ అంత బరువు తూగదు. మిగిలిన అయిదు వరుసలనూ అలాగే భాగించి చూసింది. అన్నీ నలభైకి కాస్త అటూ ఇటూగానే వచ్చాయి. ఆమెకు ఇక సందేహం లేదు, అయినా దూరం నుంచి వేరొకరి పుస్తకంలోని అంకెను దిద్దే హక్కు తనకు లేదనుకొని గిడ్డంగికి ఫోను చేసింది.

"సంతకమైపోయిన పేజీ కదమ్మా, ఇప్పుడేంటి?" అన్నాడు వీరయ్య, నిద్రమత్తులో.

"మూడో వరుస ఒక్కసారి చూడండి బాబాయ్ గారూ. కాటా చీటీ కూడా తీసి చూడండి."

కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. వరుసలు రాసింది పగటి గుమాస్తా. సాయంత్రం దీపం వెలుతురులో కూడింది వీరయ్య. కాటా చీటీ మీద 207 అని స్పష్టంగా ఉంది. అయినా ఆయన అంతటితో ఆగక, హమాలీల మేస్త్రీని లేపి, స్వెట్టరు వేసుకొని చల్లటి గదిలోకి వెళ్లి, ఆ రైతు పేరున్న అట్టీల్లో పేర్చిన టిక్కీలను స్వయంగా లెక్కపెట్టి, ముప్పావు గంట తరువాత తానే ఫోను చేశాడు.

"రెండు వందల ఏడే అమ్మాయ్. నీడలో ఒకటిగా చదివాను."

"అంకె మీద అంకె దిద్దకండి బాబాయ్ గారూ. పాతది కనబడేలా ఒక్క గీత కొట్టి, పైన 773, కింద 4,879 రాసి, రెండు చోట్లా పొడి సంతకం, తేదీ వేసి, పేజీని ఈసారి పూర్తిగా పరిచి ఫొటో తీయండి."

రెండున్నరకు కొత్త ఫొటో వచ్చింది. సరళ దాన్ని పాత ఫొటోతో కలిపి దాచి, నివేదికలో 4,879 ఎక్కించబోతూ ఆగి, మళ్లీ ఫోను అందుకుంది.

"తరువాతి పేజీ మొదట్లో వెనుకటి నిల్వ ఎంతని రాశారో చూస్తారా?"

"నాలుగు వేల ఏడు వందల డెబ్బై తొమ్మిది," అన్నాడు వీరయ్య. "ఉండు, అదీ కొట్టేస్తున్నాను."